వార్షికోత్సవ నృత్యం: చిన్నారులకు పాట ఎంపిక ఎలా?

పాఠశాల వార్షికోత్సవంలో ఒకటి, రెండు తరగతుల చిన్నారుల నృత్యానికి హుషారైన పాట ఒక్కటే చాలదు. సాహిత్యం, వేగం, నిడివి మూడూ ఆ వయసుకు సరిపడాలి.

మొదట సాహిత్యం. పల్లవి ముచ్చటగా ఉన్నా, రెండో చరణంలో ప్రేమ, మద్యం ప్రస్తావనలు ఉండవచ్చు. కనుక పాటను చివరి వరకు వినాలి. సినిమాలోని చిత్రీకరణనూ చూడాలి. బడిలో వేరే అడుగులు నేర్పినా, పిల్లలు ఇంట్లో వీడియో చూసి అందులోని భంగిమలనే అనుకరిస్తారు. టీవీ రియాలిటీ కార్యక్రమాల్లో పిల్లలచేత వయసుకు తగని సినీ నృత్యాలు చేయించరాదని కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ 2019 జూన్‌లో ప్రైవేటు ఛానళ్లకు సూచించింది. అది పాఠశాలలను ఉద్దేశించినది కాకపోయినా, అదే గీటురాయి ఇక్కడా పనికివస్తుంది.

పిల్లల లోకానికి చెందిన పాటలకు ఈ చిక్కు ఉండదు. 'మాసూమ్' (1983) చిత్రానికి గుల్జార్ రాయగా ఆర్.డి.బర్మన్ స్వరపరచిన 'లక్డీ కీ కాఠీ' గుర్రం పాట. భాష రాని పిల్లలకూ గుర్రపు పరుగే అడుగుగా అమరుతుంది. 'తారే జమీన్ పర్' (2007)లోని 'బమ్ బమ్ బోలే' గెంతులకు అనువైనది. కాస్త పెద్ద తరగతులకు బాగుంటుంది.

తర్వాత వేగం. పాట వింటూ 15 సెకన్లలో ఎన్ని దెబ్బలు పడుతున్నాయో లెక్కించి నాలుగుతో హెచ్చించాలి. ఆరేడేళ్ల వారికి నిమిషానికి 100 నుంచి 120 దెబ్బలు అనుకూలం.

ఉదాహరణకు, 120 దెబ్బల పాటలో ఎనిమిది లెక్కల వరుసకు 4 సెకన్లు పడుతుంది. రెండు నిమిషాల్లో 30 వరుసలు వస్తాయి. ప్రవేశానికి 4, పల్లవికి 8, చరణానికి 8, మళ్లీ పల్లవికి 8, ముగింపు భంగిమకు 2 కేటాయించవచ్చు. పల్లవికి నాలుగు, చరణానికి నాలుగు అడుగులు నేర్పి ఒక్కో దానిని రెండేసి వరుసలు చేయిస్తే సరిపోతుంది. అంటే పిల్లలు గుర్తుంచుకోవలసినవి ఎనిమిది అడుగులే.

నిడివి తగ్గించేటప్పుడు చరణం ముగిసి పల్లవి మొదలయ్యే చోటనే, వరుస తొలి దెబ్బ మీద కత్తిరించాలి. మధ్యలో తెగితే పిల్లలు లెక్క తప్పుతారు. కత్తిరించిన ప్రతినే తొలి రోజు నుంచి సాధనకు వాడాలి.

చేతులు సగంలోనే దిగిపోవడం, వరుస చివర అందరూ వెనకబడటం కనిపిస్తే ఆ అడుగు పాట వేగానికి మించినదని అర్థం. అప్పుడు పాటను మార్చనవసరం లేదు. దెబ్బకొక కదలికకు బదులు రెండు దెబ్బలకొక కదలిక పెట్టాలి. అయినా కుదరకపోతే నెమ్మదైన పాటను ఎంచుకోవాలి. ఆ నిర్ణయం సాధన మొదటి వారంలోనే జరగాలి.