కార్డు చెల్లింపు దారి ఎక్కడ తేలుతుంది?

దుకాణంలోని స్వైపింగ్ మెషిన్ మన కార్డు నెంబరులోని మొదటి అంకెలు చూసి, అది ఏ బ్యాంకుదో కనిపెట్టి, నేరుగా ఆ బ్యాంకుకే కబురు పంపుతుందని చాలామంది అనుకుంటారు. మన దేశంలో మామూలుగా జరిగేది అది కాదు. మెషిన్ చేతిలో ఉన్న నిర్ణయం చిన్నది. బ్యాంకు ఏదన్నది తేలేది ఆ తర్వాతి మజిలీల్లో.

చిప్ కార్డు పెట్టగానే మెషిన్ ముందు చూసేది కార్డు నెంబరును కాదు, చిప్‌లోని అప్లికేషన్ గుర్తింపును. అది A000000003తో మొదలైతే వీసా, A000000004 అయితే మాస్టర్‌కార్డ్, A000000524 అయితే రూపే. బిల్లుతో పాటు వచ్చే ఛార్జ్ స్లిప్ మీద AID అన్న చోట ఈ గుర్తింపు తరచుగా కనిపిస్తుంది. ఆ తర్వాత మెషిన్ కార్డు నెంబరును, మొత్తాన్ని, చిప్ ఇచ్చిన రహస్య సంకేతాన్ని ఒక సందేశంగా కట్టి పంపుతుంది. ఎవరికి? వ్యాపారికి ఆ మెషిన్ ఇచ్చిన బ్యాంకుకు. కార్డు ఎవరిదైనా సాధారణంగా మొదటి మజిలీ అదే.

మొదటి అంకెల పని అక్కడ మొదలవుతుంది. వ్యాపారి బ్యాంకు స్విచ్‌లో ఒక పట్టిక ఉంటుంది: ఈ అంకెలతో మొదలయ్యే కార్డులు ఈ దారిన అని. కార్డు ఆ బ్యాంకు సొంతదే అయితే సందేశం బయటికి పోదు, సొంత ఖాతాల సర్వర్‌కే వెళ్తుంది. పరాయిదైతే నెట్‌వర్క్‌కు అప్పగిస్తుంది. కార్డు ఇచ్చిన బ్యాంకు ఏదో నెట్‌వర్క్ తన పట్టికలో చూసి, సందేశాన్ని అక్కడికి చేరుస్తుంది. కాబట్టి పరాయి కార్డు విషయంలో వ్యాపారి బ్యాంకుకు తెలియాల్సింది నెట్‌వర్క్ పేరు మాత్రమే. 4తో మొదలైతే వీసా అని తెలిస్తే చాలు. 6 దగ్గర మాత్రం ఒక్క అంకె చాలదు. 6011 డిస్కవర్‌ది, 6521 రూపేది.

అదే అంకెలకు పట్టికను బట్టి దారి మారుతుంది కూడా. డిస్కవర్‌తో ఉన్న ఒప్పందం కింద పనిచేసే రూపే గ్లోబల్ కార్డును హైదరాబాద్‌లో వాడితే సందేశం ఎన్‌పీసీఐ స్విచ్‌కు వెళ్తుంది. అమెరికాలో వాడితే ముందు డిస్కవర్ నెట్‌వర్క్‌లోకి వెళ్లి, అక్కడి నుంచి ఇటు వస్తుంది. కార్డు మీది అంకె ఒక్కటీ మారదు.

ఎన్ని అంకెలు చూడాలన్నది మరో చిక్కు. చాలాకాలం మొదటి ఆరు అంకెలే బ్యాంకు గుర్తింపు. 2017లో ఐఎస్‌ఓ ప్రమాణం దాన్ని ఎనిమిదికి పెంచింది. వీసా, మాస్టర్‌కార్డ్ 2022 ఏప్రిల్ నుంచి ఎనిమిదంకెల పద్ధతికి మారాయి. అంటే ఒకే ఆరంకెల సమూహం కింద రెండు బ్యాంకులు ఉండే వీలు వచ్చింది. పట్టికలో రెండు వరసలూ కుదిరితే పొడవైనదాన్నే ఎంచుకోవాలన్నది నియమం. ఒక ఊహా ఉదాహరణ చూద్దాం:

```
499999     బ్యాంకు క
49999937   బ్యాంకు గ
```

4999 9937తో మొదలయ్యే కార్డు 'గ'ది. 'చ' అనే మూడో బ్యాంకు మెషిన్‌లో దీన్ని వాడితే, ఆ బ్యాంకు పట్టిక పాతదైనా నష్టం లేదు. 4ను చూసి వీసాకు పంపుతుంది, మిగతాది వీసా చూసుకుంటుంది. అదే కార్డును 'క' బ్యాంకు మెషిన్‌లో పెడితే, అక్కడి పాత ఆరంకెల పట్టిక అది తన కార్డేనని భ్రమపడుతుంది. సొంత సర్వర్‌లో వెతికిస్తుంది, ఖాతా దొరకదు. కార్డు నెంబరు చెల్లదనే 14 కోడ్ వెనక్కి వచ్చే అవకాశం ఎక్కువ. కార్డుదారు తన కార్డే పాడైందనుకుంటాడు, పాపం.

అయితే 14 ఒక్కటే కనిపిస్తే తప్పు పట్టికదేనని తేల్చలేం. చేత్తో కొట్టిన నెంబరులో పొరపాటు ఉన్నా అదే కోడ్ రావచ్చు. 15 వస్తే, ఆ అంకెల బ్యాంకు పట్టికలో లేదన్న అనుమానానికి మరింత బలం ఉంటుంది. 91 వేరు: దారి దొరికింది, అవతలి బ్యాంకు సర్వరో మధ్యలోని స్విచ్చో పలకలేదు. ఇవన్నీ సూచనలే, ఎందుకంటే ఒక్కో స్విచ్ ఈ కోడ్‌లను ఒక్కో తీరుగా మార్చి చూపిస్తుంది. వీటికంటే గట్టి ఆధారం పోలిక. అదే చిప్ కార్డు ఒక బ్యాంకు మెషిన్లన్నిటిలో విఫలమై, మిగతా బ్యాంకుల మెషిన్లలో పనిచేస్తే, కార్డును కాదు, ఆ బ్యాంకు పట్టికను అనుమానించాలి.

బ్యాంకుల విలీనాన్ని కూడా ఈ కోణంలో చూడవచ్చు. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. ఇలాంటి విలీనం జరిగినంత మాత్రాన జనం చేతిలోని కార్డుల నెంబర్లు మారాల్సిన పని లేదు. పాత అంకెల ఎదుట గమ్యం మారిస్తే సరిపోతుంది. కానీ ఆ మార్పు నెట్‌వర్క్ పట్టికలోనూ, విలీనం చేసుకున్న బ్యాంకు సొంత స్విచ్‌లోనూ రెండుచోట్లా పొసగాలి.

వ్యాపారులకు ఒక మాట: కార్డు పదేపదే తిరస్కరణకు గురైతే స్లిప్ మీది తేదీ, సమయం, TID, AID, వచ్చిన కోడ్ మీ బ్యాంకుకు చెప్పండి. పూర్తి కార్డు నెంబరు రాసి పంపకండి. లోపం వెతకడానికి ఆ వివరాలు చాలు.