అజ్ఞానపు తెర: తిరుమల మిరాశీ రద్దు వెలుగులో ఒక న్యాయసిద్ధాంతం

సమాజానికి నియమాలు రాయడానికి కొందరు కూర్చున్నారనుకుందాం. తాము ఏ ఇంట పుడతారో, మగవారో ఆడవారో, ఏ దేవుణ్ణి కొలుస్తారో, తమ తెలివితేటలెంతో వారికి తెలియదు. మనుషుల స్వభావం గురించీ, ఆర్థిక వ్యవహారాల గురించీ సాధారణ జ్ఞానం మాత్రం ఉంది. తమ సంగతి తమకు తెలియకుండా అడ్డుపడే ఈ ఊహను అజ్ఞానపు తెర అంటారు. అలాంటివారు ఒప్పుకునే నియమాలే న్యాయమైనవని దాని వెనుక వాదం.

ఈ పేరు అమెరికా తత్వవేత్త జాన్ రాల్స్ (1921-2002) వల్ల స్థిరపడింది కాని, ఆలోచన ఆయనతో మొదలు కాలేదు. 1945లో విలియం విక్రీ, 1953లో జాన్ హర్సానీ అనే ఆర్థికవేత్తలు ఇలాంటి ఊహే చేశారు. సమాజంలో ఏ స్థానమైనా దక్కే అవకాశం సమానమైతే మనిషి సగటు సుఖం ఎక్కువగా ఉన్న ఏర్పాటును కోరుకుంటాడని వారి లెక్క. రాల్స్ 1971 నాటి ‘ఎ థియరీ ఆఫ్ జస్టిస్’లో ఆ లెక్కను ఒప్పుకోలేదు. తెర వెనుక అవకాశాలను కొలిచే ఆధారమే ఉండదు కనుక, అడుగున పడ్డవాడి గతి ఎంత మెరుగ్గా ఉంటుందో చూసుకోవడమే వివేకమన్నాడు. ముందు అందరికీ సమాన స్వేచ్ఛలు, తర్వాత పదవులకు న్యాయమైన సమానావకాశం, ఆపైన ఉండే అసమానతలు అట్టడుగువారికి మేలు చేసేవిగా ఉండాలి అన్నవి అలా వచ్చిన సూత్రాలు. తెర మీద హర్సానీకి పేచీ లేదు. తెర వెనుక మనిషి అంత జంకుతో ఎందుకు ఆలోచించాలన్నదే ఆయన ప్రశ్న.

తెరనే తప్పుపట్టినవారు సముదాయవాదులు. వారి ఆక్షేపణ బలం తెలియాలంటే పుట్టుకకూ పదవికీ ముడిపడ్డ ఒక నిజమైన వివాదాన్ని చూడాలి. అలాంటిది తిరుపతి ప్రాంతంలోనే ఉంది.

తిరుమల ఆలయంలో పైడిపల్లి, గొల్లపల్లి, పెదింటి, తిరుపతమ్మ అనే నాలుగు కుటుంబాలు వంశపారంపర్యంగా అర్చకత్వం చేసేవి. ఆ హక్కును మిరాశీ అంటారు. ప్రసాదాలలో వాటా కూడా అందులో భాగమే. మిరాశీ బ్రాహ్మణులకే పరిమితం కాదు. తెల్లవారుజామున ముందుగా తలుపు తెరిపించే సన్నిధి గొల్ల కైంకర్యం యాదవ కుటుంబానిది. 1987లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ, జస్టిస్ చల్లా కొండయ్య సంఘం నివేదిక తరువాత, దేవాదాయ చట్టం తెచ్చింది. అర్చకులు, మిరాశీదారులు తదితరుల వారసత్వ హక్కులు, కానుకల్లో వాటాలు రద్దయ్యాయి. నియామకానికి అర్హత ప్రమాణమైంది. తిరుమల అర్చకుడు ఎ.ఎస్. నారాయణ దీక్షితులు దీన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. 1996 మార్చిలో కోర్టు చట్టాన్ని సమర్థించింది. పూజ ఆగమం ప్రకారం జరగడం మతానికి సంబంధించిన విషయం, పూజారిని నియమించడం మాత్రం లౌకిక వ్యవహారమని 1972 నాటి శేషమ్మాళ్ కేసులోనే కోర్టు తేల్చింది. 1996 తీర్పు అదే దారిలో నడిచింది.

ఈ వివాదాన్ని తెర వెనుక పెట్టి చూద్దాం. ఆ నాలుగు ఇళ్ళలో ఒకదానిలో పుడతానో లేదో తెలియనివాడు, వాటి పిల్లలకే పదవి దక్కాలనే నియమానికి ఒప్పుకోడు. ఆగమం నేర్చి పరీక్ష నెగ్గినవారికే ఇవ్వాలంటాడు. కథ ఇంతటితో ముగిసినట్టే కనిపిస్తుంది. నిజానికి చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

తిరుమలలో పూజ వైఖానస ఆగమం ప్రకారం జరుగుతుంది. తల్లి గర్భంతో ఉన్నప్పుడు చేసే విష్ణుబలి సంస్కారంతోనే శిశువు వైష్ణవుడవుతాడని, పుట్టాక వేరే ముద్రలు అక్కరలేదని వైఖానసుల నమ్మకం. కొండ కింద తిరుచానూరు పద్మావతీ అమ్మవారి ఆలయానిది పాంచరాత్ర ఆగమం. అక్కడ దీక్ష, పంచసంస్కారాలు పుట్టిన తర్వాత గురువు ద్వారా రావలసినవి. వాడుకలో పాంచరాత్ర అర్చకత్వం కూడా తండ్రి నుంచి కొడుక్కే వచ్చింది గాని, సిద్ధాంతంలో తేడా పెద్దది. తిరుచానూరులో మనిషి ముందు, దీక్ష తర్వాత. తిరుమలలో మనిషి కన్ను తెరవకముందే అతని ధర్మం నిర్ణయమైపోయింది.

‘లిబరలిజం అండ్ ది లిమిట్స్ ఆఫ్ జస్టిస్’ (1982)లో సముదాయవాది మైకేల్ శాండెల్ అన్నది వైఖానసుడి పక్షాన నిలబెట్టి చదవవచ్చు. తన ధ్యేయాలన్నీ తీసి పక్కన పెట్టినా మిగిలే మనిషి ఒకడుంటాడని తెర ముందే అనుకుంటుంది. కొన్ని బంధాలు మనం ఎంచుకున్నవి కావు, మనమంటేనే అవి. వాటిని తీసేస్తే మిగిలేది స్వేచ్ఛగా ఎంచుకునే మనిషి కాడు, ఏ పక్షాన నిలవాలో చెప్పలేని నీడ. వైఖానసుడికి గర్భసంస్కారం మీద నుంచి కప్పుకున్న ఉత్తరీయం కాదు. ఏడాది ముందే అలస్డేర్ మకింటైర్ ‘ఆఫ్టర్ వర్చ్యూ’లో ఇంకో వైపు నుంచి ఇదే అన్నాడు. నేనేం చేయాలన్నది, నేను ఏ కథలో పాత్రనో తెలిస్తేనే తేలుతుంది.

మైకేల్ వాల్జర్ ఆక్షేపణ వేరు. ‘స్ఫియర్స్ ఆఫ్ జస్టిస్’ (1983)లో ఆయన మనిషి స్వభావం జోలికి పోలేదు. పంచవలసిన వస్తువుకు ఆ సమాజంలో ఉన్న అర్థాన్ని బట్టే పంపిణీ ఉండాలన్నాడు. వైద్యం పంచే పద్ధతి దైవానుగ్రహానికి పనికిరాదు. ఆయన భారతీయ గ్రామాన్ని, అక్కడి ధాన్యపు పంపకాన్ని ఉదాహరణగా తీసుకుని, అర్థాలను అందరూ పంచుకుంటే కులసమాజం కూడా తన కొలమానంలో న్యాయమైనదే కావచ్చన్నాడు. ఆ పుస్తకంలో అన్నిటికన్నా బలహీనమైన చోటు అదేనని చెప్పక తప్పదు. అర్థాలను అందరూ పంచుకున్నారని ఎవరు చెప్పాలి? 1936లోనే అంబేడ్కర్ ‘అనిహిలేషన్ ఆఫ్ క్యాస్ట్’లో పౌరోహిత్యం వారసత్వం కాకూడదని, ప్రభుత్వం పెట్టే పరీక్ష నెగ్గి సనదు పొందినవారే పూజారులు కావాలని ప్రతిపాదించాడు. ఆయన ఆ సమాజంలోని మనిషే. 1987 చట్టం ఆ ప్రతిపాదనకు దగ్గరి చుట్టం. సముదాయం గొంతు అన్నప్పుడల్లా అందులో మాట చెల్లేవారి గొంతే వినిపించే ప్రమాదం ఉంది. స్త్రీల వైపు నుంచి సుసాన్ ఓకిన్ 1989లో మకింటైర్, వాల్జర్‌లను నిలదీసింది కూడా ఇందుకే. నాలుగు కుటుంబాల ఆడపిల్లలకు మిరాశీలో అర్చకత్వం లేదన్న సంగతి చాలు, ఆమె ప్రశ్న ఇక్కడికీ వర్తిస్తుందనడానికి.

రాల్స్ 1985 వ్యాసంలోనూ, 1993 నాటి ‘పొలిటికల్ లిబరలిజం’లోనూ వెనక్కి తగ్గకుండానే హద్దు గీశాడు. తెర మనిషి అసలు తత్వం గురించి ఏమీ చెప్పదు, పౌరుడిగా రాజ్యం ముందు నిలబడ్డప్పుడు మాత్రమే వర్తించే ఉపాయమది. ఇంట్లో, మఠంలో బంధాలు ఎంత గాఢంగానైనా ఉండవచ్చు. సూత్రాలు సమాజపు మౌలిక వ్యవస్థకే గాని ఒక్కో మతసంస్థ లోపలి పదవులకు నేరుగా వర్తించవు.

తిరుమల వంటి చోట ఆ హద్దు నిలవడం కష్టం. దేవస్థానాన్ని నడిపేది చట్టం ద్వారా ఏర్పడిన పాలకమండలి. అమెరికా చర్చిలా అది రాజ్యానికి అవతల లేదు. కనుక అర్చకత్వాన్ని పౌరుల పదవిగా చూస్తే తెర వర్తిస్తుంది, కైంకర్యంగా చూస్తే వర్తించదు. పూజా విధానాన్ని మతానికి, నియామకాన్ని రాజ్యానికి వదిలిన కోర్టు విభజన పాంచరాత్రానికి సరిపోతుంది. పుట్టుకే పూజకు అర్హతలో భాగమనే వైఖానసుడి విషయంలో ఆ రెండూ విడిపోవు.

2007లో శాసనసభ చట్టాన్ని సవరించింది. అర్హతలున్న పక్షంలో పాత అర్చక కుటుంబాలవారు కొనసాగే వీలు కల్పించింది. అంటే పరీక్ష పోలేదు, పుట్టుకా పూర్తిగా పోలేదు.