అమ్మానాన్నల డీఎస్-160: ఏ నంబరు దాచుకోవాలి?

అమ్మానాన్నలను ఇక్కడికి రప్పించుకునేటప్పుడు విజిటర్ వీసా ఫారం డీఎస్-160 మనమే నింపుతుంటాం కదా. సబ్మిట్ నొక్కగానే పని అయిపోయిందనుకుంటాం. నేనూ అలాగే అనుకుని పొరపాటు చేశాను.

ఫారం పంపాక ఫొటో, బార్‌కోడ్ ఉన్న ఒక పేజీ వస్తుంది. దానిమీద AA తో మొదలయ్యే 10 అక్షరాల నంబరే కన్ఫర్మేషన్ నంబరు. అపాయింట్‌మెంట్ ఖాతాలో ఇవ్వాల్సిందీ, ఇంటర్వ్యూ తర్వాత స్టేటస్ చూడాల్సిందీ దానితోనే.

నాన్న ఫారం పంపిన మర్నాడు పాస్‌పోర్టు నంబరులో ఒక అంకె తప్పు పడిందని చూశాను. పంపేసిన ఫారాన్ని దిద్దడం కుదరదు. పాత వివరాలతోనే కొత్త ఫారం తెరిచి, అంకె సరిచేసి పంపాను. అయితే కొత్త ఫారానికి కొత్త నంబరు వస్తుంది. అపాయింట్‌మెంట్ ఖాతాలో మాత్రం పాతదే ఉండిపోయింది. పైగా రెండు పేజీలూ ఒకే పేరుతో నాన్న వాట్సాప్‌లో ఉన్నాయి.

ఇంటర్వ్యూకి పది రోజుల ముందు ఫోన్‌లో కాగితాలు సరిచూసుకుంటుంటే నాన్న, "అమ్మాయ్, అపాయింట్‌మెంట్ కాగితం మీద చివరి అక్షరాలు వేరేగా ఉన్నాయే" అన్నారు. గుండె జారిపోయింది. ఈ రెండు నంబర్లూ కలవకపోతే ఇంటర్వ్యూ చేయకుండా వెనక్కి పంపే ప్రమాదముంది. మా ఊరి నుంచి హైదరాబాదుకు రాత్రంతా ప్రయాణం, మళ్లీ తేదీ దొరకడానికి నెలలు. వెంటనే అపాయింట్‌మెంట్ సైటు సహాయ విభాగానికి రాసి కొత్త నంబరు మార్పించాను. మారిన అపాయింట్‌మెంట్ కాగితం మళ్లీ ప్రింట్ తీయించాను.

ఇప్పుడు ఒక్కొక్కరికీ ఒక్కో ఫోల్డర్ పెడతాను. కన్ఫర్మేషన్ పేజీని పీడీఎఫ్‌గా దాచి, ఫైలు పేరులో మనిషి పేరు, తేదీ, నంబరు చివరి నాలుగు అక్షరాలు రాస్తాను. కొత్త ఫారం పంపితే పాత ఫైలు పేరు ముందు "వాడొద్దు" అని చేరుస్తాను. ఫారం మొదట్లో అడిగే భద్రతా ప్రశ్న జవాబు కూడా అక్కడే రాసుకుంటాను. పేజీ పోతే మళ్లీ తెరవడానికి నంబరు, ఇంటిపేరు మొదటి 5 అక్షరాలు, పుట్టిన సంవత్సరంతోపాటు ఆ జవాబూ అడుగుతారు. వీసా ఫీజు రసీదు వేరు, దాన్నీ దాచాలి. కట్టిన రోజు నుంచి 365 రోజుల్లోపు దానితో అపాయింట్‌మెంట్ తీసుకోవాలి.

ఇంటర్వ్యూ అయ్యాక ceac.state.gov లో ఇంటర్వ్యూ జరిగిన చోటు, AA నంబరు, పాస్‌పోర్టు నంబరు, ఇంటిపేరు మొదటి 5 అక్షరాలు ఇస్తే స్టేటస్ కనిపిస్తుంది. Issued అంటే వీసా మంజూరైనట్టు. Refused అని కనిపించగానే కంగారు పడకండి. ఇంకా కాగితాలు కావాలని 221(g) చీటీ ఇచ్చినా అక్కడ అదే మాట చూపిస్తుంది. ఇంటర్వ్యూలో ఇచ్చిన చీటీ ఏమిటో ముందు అమ్మానాన్నలను అడిగి, దాని ఫొటో తెప్పించుకుని చదవండి.