హైట్ సీక్రెట్: అమ్మాయిల కంటే అబ్బాయిలు పొడుగెందుకు? అసలు తేడా ఆ రెండేళ్లలోనే.. కానీ అందరి విషయంలో కాదు!

తెల్లవారుజామున ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌కి వెళ్తే.. పోలీసు ఉద్యోగాల కోసం రన్నింగ్ ప్రాక్టీస్ చేసే అబ్బాయిలు, అమ్మాయిలు కనిపిస్తారు. పరుగు, లాంగ్‌జంప్.. ఇవన్నీ ప్రాక్టీస్‌తో మెరుగవుతాయి. కానీ ఎంత చెమటోడ్చినా మారనిది ఒకటుంది. అదే ఎత్తు! తెలంగాణలో 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్ ప్రకారం పురుషులకు కనీసం 167.6 సెంటీమీటర్లు, మహిళలకు 152.5 సెంటీమీటర్లు ఉండాలి. కొన్ని గిరిజన ప్రాంతాల అభ్యర్థులకు సడలింపు ఉంది. అంటే ఇద్దరి మధ్య 15 సెంటీమీటర్ల తేడా. ఇంత తేడా ఎందుకు పెట్టారు? మగవాళ్లు నిజంగానే అంత పొడుగా? ఆ వివరాలు చూద్దాం.

తార్నాక అంకె.. సగటు కాదు!

ఓయూ క్యాంపస్ పక్కనే, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అందరూ ఎన్‌ఐఎన్ అంటారు. 1918లో కూనూరులో చిన్న పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాద్‌కి వచ్చింది. 2020లో ఈ సంస్థ కొత్త ప్రమాణాలు ప్రకటించింది. వాటి ప్రకారం భారతీయ పురుషుడి ప్రామాణిక ఎత్తు 177 సెంటీమీటర్లు, మహిళది 162. ఇక్కడ కూడా తేడా 15 సెంటీమీటర్లే.

అయితే ఇది మనవాళ్ల సగటు ఎత్తు అనుకుంటే పొరపాటే. ఎవరికి ఎంత ఆహారం కావాలో లెక్కగట్టేందుకు పెట్టుకున్న కొలత ఇది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో తేలిన సగటు చూస్తే.. మన దేశంలో మగవాళ్లు సుమారు 165, ఆడవాళ్లు సుమారు 152 సెంటీమీటర్లు. అంటే అసలు తేడా 13 సెంటీమీటర్ల దాకా ఉంటుంది.

ఆరో తరగతిలో సీన్ రివర్స్

పుట్టినప్పుడు ఆడపిల్లకి, మగపిల్లాడికి పొడవులో పెద్దగా తేడా ఉండదు. పదేళ్ల దాకా ఇద్దరూ దాదాపు సమానంగానే పెరుగుతారు. ఆరు, ఏడు తరగతుల ఫొటో తీసి చూడండి.. వెనక వరుసలో నిలబడేది చాలాసార్లు అమ్మాయిలే! ఎందుకంటే వాళ్లు ఒక్కసారిగా ఎత్తు పెరిగే దశ 11, 12 ఏళ్ల దగ్గర వస్తుంది. అబ్బాయిలకు అదే దశ 13, 14 ఏళ్లకి గానీ రాదు.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఆలస్యంగా మొదలవడం అబ్బాయిలకు కలిసొస్తుంది. ఆ రెండేళ్లూ వాళ్లు ఏడాదికి 5 సెంటీమీటర్ల చొప్పున నిదానంగా పెరుగుతూనే ఉంటారు. అంటే స్పీడ్ అందుకునే సమయానికే వాళ్ల చేతిలో అదనపు ఎత్తు ఉంటుంది. పైగా ఆ స్పీడ్ కూడా ఎక్కువే. అమ్మాయిలు గరిష్ఠంగా ఏడాదికి 8 సెంటీమీటర్ల దాకా పెరిగితే, అబ్బాయిలు 9 నుంచి 10 దాకా పెరుగుతారు. ఈ రెండూ కలిస్తేనే పెద్దయ్యాక కనిపించే తేడాలో ఎక్కువ భాగం.

బ్రేక్ వేసేది ఆ హార్మోనే

మరి ఎదుగుదల ఆగేదెలా? ఎముకల చివర్లలో గ్రోత్ ప్లేట్లు అనే మెత్తటి భాగాలుంటాయి. కొత్త ఎముక పుట్టేది అక్కడే. అవి గట్టిపడి మూసుకుపోతే ఇక ఎత్తు పెరగడం ఉండదు. వాటిని మూసేది ఈస్ట్రోజెన్ హార్మోన్. అమ్మాయిల్లో ఇది ముందుగా పెరుగుతుంది కాబట్టి ఎదుగుదల కూడా ముందే ఆగుతుంది.

అబ్బాయిల్లోనూ ఈ పని చేసేది ఈస్ట్రోజెనే అంటే నమ్ముతారా? వాళ్ల శరీరం టెస్టోస్టెరాన్‌లో కొంత భాగాన్ని ఈస్ట్రోజెన్‌గా మార్చుకుంటుంది. 1994లో అమెరికా వైద్యులు ఓ 28 ఏళ్ల యువకుడి కేసు బయటపెట్టారు. జన్యులోపం వల్ల అతని శరీరం ఈస్ట్రోజెన్‌కి స్పందించదు. ఎత్తు 204 సెంటీమీటర్లు. అంత వయసొచ్చినా ఎముకలు 15 ఏళ్ల కుర్రాడివిలా ఉన్నాయి, ఇంకా పెరుగుతూనే ఉన్నాడు! మగవాళ్లలో కూడా ఎదుగుదలకు బ్రేక్ వేసేది ఈస్ట్రోజెనే అని ఆ కేసుతో తేలిపోయింది.

తిండి వల్లే తేడానా?

ఆడపిల్లకి తక్కువ తిండి పెట్టడం వల్లే ఎత్తు తగ్గిందని కొందరంటారు. చిన్నప్పుడు పోషకాహారం అందకపోతే ఎవరికైనా ఎత్తు తగ్గుతుంది, అందులో సందేహం లేదు. కానీ తేడాకి అదొక్కటే కారణమైతే, తిండికి లోటు లేని దేశాల్లో ఆడ, మగ ఎత్తులు సమానం కావాలి కదా! నెదర్లాండ్స్‌లో అమ్మాయిల సగటు సుమారు 170 సెంటీమీటర్లు, అబ్బాయిలది 183 దాకా ఉంది. అక్కడా అదే 13 సెంటీమీటర్ల తేడా. ఇంకో విషయం గమనించారా? అక్కడి సగటు అమ్మాయి మన సగటు అబ్బాయి కంటే పొడుగు!

వందలో ఏడుసార్లు తారుమారు

సగటు చూసి ప్రతి మగవాడూ ప్రతి ఆడమనిషి కంటే పొడుగనుకోవద్దు. మగవాళ్లలో వందకి 95 మంది ఎత్తు సుమారు 152 నుంచి 178 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. ఆడవాళ్లలో అదే 140 నుంచి 164 మధ్య. అంటే 152 నుంచి 164 దాకా ఉన్న భాగం ఇద్దరిదీ. ఆడవాళ్లలో దాదాపు సగం మంది, మగవాళ్లలో ప్రతి ఐదుగురిలో ఇద్దరు ఈ ఉమ్మడి భాగంలోనే ఉంటారు. మగవాళ్లలో మగవాళ్లకే ఉన్న తేడా 26 సెంటీమీటర్లు. ఆడ, మగ సగటుల మధ్య తేడాకి ఇది రెట్టింపు!

తార్నాక మెట్రో స్టేషన్‌లో కళ్లు మూసుకుని ఓ అబ్బాయిని, ఓ అమ్మాయిని పక్కపక్కన నిలబెట్టారనుకోండి. ఇలా వందసార్లు చేస్తే, లెక్క ప్రకారం ఏడుసార్లు అమ్మాయే పొడుగు. భార్యాభర్తలను చూసి మాత్రం ఈ అంచనాకి రావద్దు. పెళ్లి సంబంధాల్లో ఎత్తు చూసి మరీ ఎంచుకుంటారు కాబట్టి అక్కడ ఈ ఏడు కనిపించదు.

పోలీసు కొలతకి వేసి చూస్తే..

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. అందరికీ ఒకటే 167.6 పెడితే.. మహిళల్లో 200 మందికి ఒకరు మాత్రమే పాసవుతారు. మగవాళ్లలో వందకి 35 మంది దాకా గట్టెక్కుతారు. అందుకే రెండు కొలతలు తప్పవు. అయితే ఇంకో కోణమూ ఉంది. మహిళల కొలత 152.5 దాదాపు వాళ్ల సగటు దగ్గరే ఉంది, కాబట్టి సగానికి కాస్త తక్కువ మంది అర్హులవుతారు. మగవాళ్ల కొలత మాత్రం వాళ్ల సగటు కంటే రెండున్నర సెంటీమీటర్లు పైన ఉంది. అంటే ఎత్తు విషయంలో జల్లెడ అబ్బాయిలకే గట్టిగా ఉందన్నమాట! ఇది దేశం మొత్తం సగటుతో వేసిన లెక్క. నేటి యువత సగటు కొంచెం ఎక్కువ కాబట్టి రెండు వైపులా అర్హులు ఇంకాస్త పెరుగుతారు.

చివరగా అభ్యర్థులకు ఒక్క మాట. రోజంతా నిలబడి, తిరిగితే వెన్నెముక మధ్య డిస్కులు కుదించుకుపోతాయి. దాంతో సాయంత్రానికి ఎత్తు ఓ సెంటీమీటర్ దాకా తగ్గుతుంది, రాత్రి పడుకుంటే మళ్లీ వచ్చేస్తుంది. కాబట్టి ఇంట్లో కొలుచుకునేటప్పుడు పొద్దున లేవగానే చూసిన అంకెని నమ్ముకోవద్దు. చెప్పులు లేకుండా, మడమలు గోడకి ఆనించి, చూపు తిన్నగా ఉంచి.. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొలవండి. సాయంత్రం కూడా 167.6 లేదా 152.5 దాటితేనే నిశ్చింత!