బైలు ఎవరి ఖాతాలో?

లక్ష్మణ్ 281 గురించి రాయాల్సినవన్నీ ఎప్పుడో రాసేశారు. ఆ ఇన్నింగ్స్ స్కోర్‌కార్డులో నాకు నచ్చే అంకె వేరే ఉంది. అది కార్డులో ఎక్కడా అచ్చు కాలేదు. పెన్సిలు తీసుకుని లెక్క వేస్తేనే బయటికొస్తుంది. ఆ అంకె 18.

2001 మార్చి, కలకత్తా ఈడెన్ గార్డెన్స్. ఆస్ట్రేలియా 445 చేసింది, మనవాళ్లు 171కి కుప్పకూలి ఫాలో ఆన్ ఆడారు. రెండో ఇన్నింగ్స్‌లో 7 వికెట్లకు 657 దగ్గర డిక్లేర్ చేశారు. ఉదయగిరిలో మాకది రేడియోలో విన్న మ్యాచ్, మర్నాడు పేపర్లో చదివిన మ్యాచ్. పేపర్లో స్కోర్‌కార్డు అంటే బొటనవేలంత అక్షరాల్లో రెండు జాబితాలు: పైన బ్యాటర్లు, కింద బౌలర్లు. మధ్యలో ఎక్స్‌ట్రాలు. చాలామంది పై జాబితా చదివి పేజీ తిప్పేస్తారు. కింది జాబితా కూడా అదే కథను ఇంకోవైపు నుంచి చెబుతుంది. రెండు కథలూ కలవాలి.

ముందు పై జాబితా కూడదాం. దాస్ 39, రమేశ్ 30, లక్ష్మణ్ 281, టెండూల్కర్ 10, గంగూలీ 48, ద్రావిడ్ 180, మోంగియా 4, జహీర్ 23, హర్భజన్ 8. మొత్తం 623. ఎక్స్‌ట్రాలు 34. రెండూ కలిపితే 657. ఇది అందరికీ తెలిసిన సరిచూపు.

ఇప్పుడు కింది జాబితా. మెక్‌గ్రాత్ 103, గిలెస్పీ 115, వార్న్ 152, కాస్ప్రోవిచ్ 139 పరుగులిచ్చారు. ఈ నలుగురివీ కలిపి 509. వాళ్లు అలిసిపోయాక స్టీవ్ వా బంతి ఇవ్వని మనిషి లేడు. మార్క్ వా 58, పాంటింగ్ 41, హేడెన్ 24, స్లేటర్ 4, లాంగర్ 3. అంటే ఇంకో 130. బౌలర్లు ఇచ్చినవన్నీ కలిపితే 639. జట్టు చేసింది 657. తేడా 18.

ఆ 18 ఎక్కడివి? ఎక్స్‌ట్రాల పక్కన బ్రాకెట్లో చూడండి: బైలు 6, లెగ్ బైలు 12, వైడ్లు 2, నోబాల్స్ 14. బైలూ లెగ్ బైలూ కలిపితే సరిగ్గా 18. బంతి బ్యాట్‌కు గానీ ఒంటికి గానీ తగలకుండా కీపర్‌ని దాటిపోతే బై. ప్యాడుకో ఒంటికో తగిలి పక్కకి పోతే లెగ్ బై. రెండింటిలోనూ బౌలర్ తప్పుగా వేసిందేం లేదు కాబట్టి అవి అతని ఖాతాలో పడవు. వైడూ నోబాలూ అతని తప్పులే, కాబట్టి పడతాయి. అందుకే బౌలర్ల 639లోంచి ఆ 16 తీసేస్తే బ్యాటర్ల 623 వచ్చి కూర్చుంటుంది. శెట్టిగారి చిట్టా, ఆవర్జా కలిసినట్టు.

అయితే ఇది ఎప్పుడూ ఇలాగే లేదు. పాత కార్డు దేనిమీదైనా ఇదే సూత్రం వేస్తే లెక్క తప్పుతుంది. తప్పు కార్డుది కాదు, కాలానిది.

1932 జూన్, లార్డ్స్. ఇండియా ఆడిన మొదటి టెస్టు. కెప్టెన్ సి.కె. నాయుడు. నాగపూర్‌లో పుట్టినా ఇంటి భాష తెలుగే అయిన మనిషి. మొదటి ఇన్నింగ్స్‌లో మనవాళ్లు 189కి ఆలౌట్. నాయుడు చేసిన 40 అందులో అత్యధికం. పదకొండు మందివీ కూడితే 174, ఎక్స్‌ట్రాలు 15. సరిపోయింది. ఇక బౌలర్లు: బోవెస్ 49, వోస్ 23, బ్రౌన్ 48, రాబిన్స్ 39, హామండ్ 15. కూడండి. 174.

బ్యాటర్లు చేసిందీ 174, బౌలర్లు ఇచ్చిందీ 174. ఆ 15 ఎక్స్‌ట్రాల్లో వైడూ నోబాల్స్ కూడా ఉన్నాయి, కానీ ఏ బౌలర్ మీదా పడలేదు. అప్పటి పద్ధతి అది. ఎక్స్‌ట్రాలంటే ఎక్స్‌ట్రాలే, ఏవీ ఎవరి ఖాతాలోనూ వేసేవాళ్లు కాదు. వైడ్లనూ నోబాల్స్‌నూ బౌలర్ లెక్కలో కలపడం 1980ల మధ్యలో గానీ మొదలు కాలేదు. అందుకే పాత కార్డుకి రెండు జాబితాలూ నేరుగా సమానం కావాలి, కొత్త కార్డుకి బైలూ లెగ్ బైలంత తేడా రావాలి. ఆనాటి బౌలర్ సగటునీ ఈనాటి బౌలర్ సగటునీ పక్కపక్కన పెట్టి వాదించుకునేవాళ్లు ఈ సంగతి గుర్తు పెట్టుకుంటే మంచిది. పాతకాలం బౌలర్‌కి వైడ్లు ఉచితం.

టెస్టుల్లో స్కోరర్లు ఇద్దరుంటారు. క్రికెట్ చట్టాల్లో మూడోది వాళ్ల గురించే. ఇద్దరూ తరచూ ఒకరి పుస్తకం ఇంకొకరు చూసుకుని సరిపోల్చుకోవాలని అది చెబుతుంది. మా ఊళ్లో కొండ కింద జరిగే పండగ మ్యాచులకి స్కోరర్ ఒక్కడే. షామియానా కింద కుర్చీ, టేబులు, గాలికి ఎగరకుండా బుక్కు మీద ఒక రాయి. ప్రతి పరుగునూ మూడు చోట్ల వేయాలి. బ్యాటర్ పేరు పక్కన ఒకసారి, బౌలర్ ఓవర్ గడిలో ఒకసారి, ఒకటి నుంచి వరసగా అంకెలున్న మొత్తం పట్టీలో గీత కొడుతూ ఇంకోసారి. బోర్డు మీద కనపడేది ఈ మూడోదే.

ఒక ఏడు పన్నెండు ఓవర్ల మ్యాచ్‌లో మొదటి ఇన్నింగ్స్ అయ్యేసరికి బోర్డు మీద 92 ఉంది. ఆడాల్సిన జట్టు ప్యాడ్లు కట్టుకుంటోంది. స్కోరు రాస్తున్న లెక్కల సారు ఎవర్నీ లోపలికి పోనివ్వలేదు. బ్యాటర్లవి 74, ఎక్స్‌ట్రాలు 17, మొత్తం 91. ఎక్స్‌ట్రాల్లో వైడ్లు 8, నోబాల్స్ 2, బైలు 4, లెగ్ బైలు 3. బౌలర్ల వైపు 84. దానికి బైలూ లెగ్ బైలూ ఏడు కలిపితే మళ్లీ 91.

"బోర్డు మీద 92 ఉంది గదా సార్!" అని బ్యాటింగ్ చేసిన కెప్టెన్ మీదికొచ్చినాడు.

"బోర్డు ఒక్కటే 92 అంటా ఉండాది అబ్బయా. బుక్కు రెండు తట్లా 91 అంటాది," అన్నాడు సారు.

రెండు చోట్ల వేరువేరుగా రాసిన లెక్కలు ఒకే అంకె దగ్గర కలిస్తే మూడోదాన్ని అనుమానించాలి. ఇదే ఈ సరిచూపులో బలం. సారు ఓవర్లు వెనక్కి తిప్పి చూస్తే ఎనిమిదో ఓవర్లో దొరికింది. వాళ్లు రెండు పరుగులు తీశారు. ఒకడు క్రీజులో బ్యాట్ పెట్టకుండానే వెనక్కి తిరిగాడని అంపైర్ షార్ట్ రన్ ఇచ్చాడు. బ్యాటర్ దగ్గరా బౌలర్ గడిలోనూ 2ని దిద్ది 1 చేశారు. పట్టీలో కొట్టిన రెండో గీత అట్లాగే ఉండిపోయింది. లక్ష్యం 93 కాదు, 92. పన్నెండు ఓవర్ల మ్యాచ్‌లో ఒక్క పరుగంటే ఎంతో ఆడినవాళ్లకి తెలుసు. బ్యాటింగ్ జట్టు ఓ పావుగంట అరిచి ఊరుకుంది.

తేడా ఎంత, ఎటువైపు అన్నదాన్నిబట్టే తప్పు చాలావరకు పట్టుబడుతుంది. బ్యాటర్ల వైపు ఒకటి తక్కువై మిగతా రెండూ కలిస్తే ఎవరి పేరు పక్కనో రాయడం మరిచారు. బౌలర్ల వైపు ఎక్కువైతే, ఆ ఎక్కువ ఏదో ఒక లెగ్ బైతో సమానంగా ఉంటే, దాన్ని అలవాటుగా బౌలర్ గడిలో కూడా వేసేశారు.

కొన్ని తప్పులు మాత్రం దీనికి దొరకవు. కీపర్‌ని దాటి బౌండరీకి పోయిన వైడ్ ఉంది. దానికి ఐదూ వైడ్లే, ఐదూ బౌలర్ మీదే. ఊరి స్కోరర్లలో సగంమంది ఒక వైడ్, నాలుగు బైలు అని రాస్తారు. మొత్తం మారదు. బౌలర్ వైపు నాలుగు తగ్గుతాయి, బైలు నాలుగు పెరుగుతాయి, తేడా చక్కగా సరిపోతుంది. బౌలర్‌కి నాలుగు పరుగులు మాఫీ.

అంతకన్నా చేటు, ఒకడి పరుగులు ఇంకొకడి పేరున పడటం. ఇద్దరు బ్యాటర్ల మధ్య నాలుగు పరుగులు అటూ ఇటూ అయితే బ్యాటర్ల మొత్తం మారదు, బౌలర్లది మారదు, బోర్డు మారదు. మూడు దారుల్లోనూ లెక్క కలుస్తుంది. ఈ సరిచూపు జట్టుకి కాపలా గానీ మనిషికి కాదు.

బ్రాడ్‌మన్ విషయంలోనూ ఇదే ప్రశ్న వచ్చింది. 6996 పరుగులు, 70 సార్లు ఔటు, సగటు 99.94. ఇంకో నాలుగు ఉంటే సరిగ్గా 100. 1928-29 యాషెస్ చివరి టెస్టు స్కోర్‌బుక్కుని తిరగేస్తూ చార్ల్స్ డేవిస్ అనే ఆస్ట్రేలియా పరిశోధకుడు, రైడర్ పేరున ఉన్న ఒక ఫోర్ నిజానికి బ్రాడ్‌మన్‌ది అయి ఉండొచ్చన్నాడు. అది రుజువు కాలేదు, రికార్డూ మారలేదు. అలాంటి ప్రశ్న అడగాలంటేనే ఏ బంతిని ఎవరు ఎదుర్కొన్నారో తెలియాలి. బిల్ ఫెర్గూసన్ లాంటి స్కోరర్లు బంతిబంతికీ ఎవరు వేశారు, ఎవరు ఆడారు అని వరసగా రాసే పద్ధతి తెచ్చింది ఇందుకే పనికొస్తుంది. మామూలు బుక్కులో ఆ వరస ఉండదు. పరుగుల్ని బట్టి స్ట్రైక్ ఎటు మారిందో వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోవాలి.

మా దగ్గర అది ఒకసారి చేసి చూశారు. ఒకే ఇంటి అన్నదమ్ములు జంటగా ఆడుతున్నారు. ఒకే రంగు చొక్కాలు, ఒకే ఎత్తు. ఆట అయ్యాక తమ్ముడి పేరున 46 ఉంది. "ఆ ఫోర్ నాది సార్, అన్నది కాదు," అన్నాడు. యాభై కొట్టినోడికి బ్యాట్ ఇస్తామని ముందే మైకులో చెప్పున్నారు. అన్న కూడా తమ్ముడిదే అన్నాడు, కానీ అన్న మాటని అవతలి జట్టు ఎందుకు నమ్ముతుంది? మొత్తం కలిసింది, బౌలర్లవి కలిశాయి. సారు ఆ ఓవర్ గడి ముందర పెట్టుకుని మొదటి బంతి నుంచి వేలు పెట్టి వచ్చాడు. ఒకటి తీశారు, అటు మారారు. చుక్క. చుక్క. తర్వాత ఫోర్. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఎక్స్‌ట్రాల వరసలో అదే ఓవర్ నాటి బై ఒకటి ఉంది. అది ఏ బంతికి వచ్చిందో బౌలర్ గడిలో గుర్తు వేయలేదు, రెండు చుక్కల్లో ఏదో ఒకటి అదే కావచ్చు, ఫోర్ తర్వాతి చుక్క కూడా కావచ్చు. ఫోర్‌కి ముందు వచ్చి ఉంటే స్ట్రైక్ ఒకరిది, తర్వాత వచ్చి ఉంటే ఇంకొకరిది.

సారు ఆ మూడు చుక్కల్నీ చాలాసేపు చూసి బుక్కు మూసేశాడు. తమ్ముడి స్కోరు ఆ బుక్కులో ఇప్పటికీ 46.