గులాబీ గూడు ఎర్రబడిన రోజు

ఒక సంస్థను కొనడానికి డబ్బుంటే చాలు. ఆ సంస్థ పేరు తీసేసి మన పేరు పెట్టాక కూడా దాని ఖాతాదారులను నిలుపుకోవడం మాత్రం డబ్బుతో అయ్యే పని కాదు. ఇంగ్లండుకు చెందిన వొడాఫోన్ ఈ చిక్కుముడిని విప్పడానికి మూడు దేశాలు తిరగాల్సి వచ్చింది. ఒకచోట దారి దొరికింది, ఇంకోచోట అదే దారి తప్పింది, చివరికి మన దేశంలో ఒక చిన్న కుక్కపిల్ల వెంట నడిచి గమ్యం చేరింది.

2000లో వొడాఫోన్ జర్మనీకి చెందిన మానెస్‌మాన్‌ను సొంతం చేసుకుంది. ఆ సంస్థతో పాటు ఇటలీలోని ఓమ్నిటెల్ అనే ఫోన్ కంపెనీ కూడా చేతికొచ్చింది. ప్రపంచమంతటా ఒకే ఎర్ర గుర్తు, ఒకే పేరు ఉండాలన్నది వొడాఫోన్ పట్టుదల. కానీ ఇటలీ వాళ్లకు ఓమ్నిటెల్ ఇంటి మనిషి లాంటిది. వొడాఫోన్ ఎవరో వాళ్లకు తెలియదు. అందుకే తొందరపడలేదు. ముందు రెండు పేర్లూ కలిపి ‘ఓమ్నిటెల్ వొడాఫోన్’ అన్నారు. కొన్నాళ్లకు వరస తిప్పి కొత్త పేరును ముందుకు తెచ్చారు. అది చెవులకు అలవాటయ్యాక పాత పేరును మెల్లగా జారవిడిచారు. ఈ మార్పు జరుగుతున్నంత కాలం ఒకటి మాత్రం మార్చలేదు. ఓమ్నిటెల్ ప్రకటనల్లో ఏళ్ల తరబడి కనిపించిన ఆస్ట్రేలియా మోడల్ మేగన్ గేల్‌ను వొడాఫోన్ ప్రకటనల్లోనూ కొనసాగించారు. పేరు కొత్తదైనా ముఖం తెలిసినదే కావడంతో ఇటలీ జనం మార్పును కంగారు పడకుండా స్వీకరించారు.

ఆ ధీమాతో జపాన్ వైపు చూశారు. అక్కడ జె-ఫోన్ అనే కంపెనీ కుర్రకారుకు ప్రాణం. ఫోన్‌తో ఫోటో తీసి అక్కడికక్కడే స్నేహితులకు పంపే సేవను 2000లోనే తెచ్చి, దేశమంతా దాని గురించి మాట్లాడుకునేలా చేసింది. ఆ కంపెనీ వొడాఫోన్ చేతికొచ్చాక, 2003 అక్టోబరులో ఆ పేరు తీసేసి వొడాఫోన్ అని పెట్టారు. అంతటితో ఆగి ఉంటే కథ మరోలా ఉండేదేమో. పేరుతో పాటు సరుకు కూడా మారిపోయింది. యూరప్ అవసరాలకు తగ్గట్టు చేసిన ఫోన్లనే, కాస్త సర్దుబాటు చేసి, జపాన్ దుకాణాల్లో పెట్టారు. సన్నని నాజూకు ఫోన్లకు, స్థానిక హంగులకు అలవాటుపడిన వాళ్లకు అవి నచ్చలేదు. జె-ఫోన్‌ను ఎందుకు ఇష్టపడ్డారో ఆ కారణమే కనిపించకుండా పోయాక, ఉండిపోవడానికి ఇంకేం మిగిలింది? ఖాతాదారులు పోటీ కంపెనీల వైపు కదిలారు. 2006లో వొడాఫోన్ ఆ వ్యాపారాన్ని సాఫ్ట్‌బ్యాంక్‌కు అమ్మేసి జపాన్ నుంచి బయటికొచ్చింది. ఇటలీలోనూ జపాన్‌లోనూ చేసింది పేరు మార్పే. అయితే ఒకచోట ప్రియమైనదాన్ని కొత్త పేరు వెంట తీసుకెళ్లారు, మరోచోట పాత పేరుతో పాటు వదిలేశారు.

ఆ మరుసటి ఏడాదే భారతదేశం వంతు వచ్చింది. 2007 ఫిబ్రవరిలో హచిసన్ ఎస్సార్‌లో 67 శాతం వాటాను సుమారు 1,110 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు వొడాఫోన్ ప్రకటించింది. జనం నోట ఆ కంపెనీ పేరు ‘హచ్’. ఈ హచ్ కూడా పేర్లు మార్చుకుంటూ ఎదిగినదే. ముంబైలో అది మొదట మ్యాక్స్ టచ్, 2000లో ఆరెంజ్, 2005లో హచ్ అయింది. అంటే పదేళ్లు తిరిగేసరికి ఒకే నంబరు మూడు పేర్ల కింద మోగింది. నాలుగో పేరు పెట్టబోతున్న వాళ్లకు ఆ అనుభవం అక్కరకొచ్చింది.

హచ్‌ను ఇంటింటికీ చేర్చింది 2003 నాటి ఒక ప్రకటన. నువ్వు ఎక్కడికెళితే మా నెట్‌వర్క్ అక్కడికి వస్తుందని చెప్పాలి. ఆ ప్రకటన తయారుచేసిన ఒగిల్వీ సంస్థలో మొదట అన్న వెంట తిరిగే చిట్టి చెల్లిని చూపాలని అనుకున్నారట. ఆలోచనలు సాగుతుండగా చెల్లి స్థానంలోకి ఒక కుక్కపిల్ల వచ్చి చేరింది. ముడతల మొహం, గుండ్రటి కళ్లు ఉన్న ఆ పగ్ జాతి కుక్క ఒక పిల్లాడి వెంట పొలం గట్ల మీద, సందుల్లో, బడిదాకా నడిచింది. అనుకోకుండా జరిగిన ఆ చిన్న మార్పు హచ్‌కు ఎప్పటికీ చెరగని గుర్తు ఇచ్చింది. తెలుగునాట పగ్ అంటే అర్థం కాని వాళ్లకు కూడా ‘హచ్ కుక్క’ అంటే ఇట్టే తెలిసిపోయేది.

ఇటలీలో మేగన్ గేల్ చేసిన పనిని ఇక్కడ ఆ కుక్కకే అప్పగించారు. 2007 సెప్టెంబరు 21న మార్పు మొదలైంది. ప్రకటనలో హచ్ రంగైన గులాబీరంగు గూట్లోంచి కుక్కపిల్ల బయటికి వెళుతుంది. తిరిగొచ్చేసరికి గూడు ఎర్రగా మారి ఉంటుంది. అది అలవాటైన ఇంట్లోకి వెళ్లినట్టే దర్జాగా లోపలికి వెళ్లిపోతుంది. మార్పు మంచిదే, హచ్ ఇప్పుడు వొడాఫోన్ అని మాత్రమే చెప్పారు. పాత కంపెనీ ఎందుకు పోతోంది, కొత్తది ఎంత గొప్పది అన్న ఉపన్యాసం లేదు. చూసేవాడి మనసులోని మొదటి భయం ‘నాకేమవుతుంది?’ అన్నదే. ఆ ప్రశ్నకు కుక్కపిల్ల జవాబు చెప్పింది.

ఇటలీలోలా రెండు పేర్లూ కలిపి ఏళ్ల తరబడి నడపలేదు. అప్పటికి హచ్‌కు మూడున్నర కోట్లకు పైగా ఖాతాదారులు, నాలుగు లక్షలకు పైగా దుకాణాలు ఉన్నాయి. కిళ్లీకొట్టు బోర్డు గులాబీరంగులో ఉండి టీవీలో ఎరుపు కనిపిస్తే, రీఛార్జికి వచ్చినవాడు ఇది మా కంపెనీయేనా అని తికమకపడతాడు. అందుకే మార్పును కొద్ది వారాల్లో ముగించాలని నిర్ణయించారు. స్టార్ ఛానెళ్లలో ఒక రోజంతా ప్రకటనల సమయాన్ని తామే తీసుకుని వార్తను ఒక్కసారిగా దేశమంతా వినిపించారు. నంబరు మారలేదు, సిమ్ మార్చుకోవాల్సిన పనీ రాలేదు. రంగు, పేరు తప్ప మిగతాదంతా ఉన్నచోటే ఉండటమే ఈ పథకానికి ప్రాణం.

కాలం కూడా కలిసొచ్చిందని ఒప్పుకోవాలి. నంబరు మార్చకుండా కంపెనీ మార్చుకునే వీలు దేశమంతటా వచ్చింది 2011 జనవరిలో. అంతకు ముందు వెళ్లిపోవాలంటే నంబరు వదులుకోవాల్సిందే. కానీ జపాన్‌లోనూ వొడాఫోన్ నుంచి జనం కదిలింది నంబరు వెంట తీసుకెళ్లే వీలు రాకముందే. కాబట్టి ఆ అడ్డుగోడ ఒక్కటే మనుషులను ఆపలేదు.

అయినా పని సగమే పూర్తయింది. బోర్డులన్నీ ఎర్రబడ్డాక కూడా ఆ కుక్క జనం నోట్లో హచ్ కుక్కగానే మిగిలింది. ఖాతాదారులను దాటించిన వంతెన పాత ఊరి పేరునే గుర్తుచేస్తూ ఉండిపోయింది. అప్పుడు వొడాఫోన్ సొంత గుర్తు కోసం వెతికింది. 2009 ఐపీఎల్ నాటికి తెల్లటి గుడ్డు తలలతో జూజూలు వచ్చాయి. బొమ్మల్లా కనిపించినా అవి ప్రత్యేక దుస్తులు తొడుక్కున్న మనుషులే. వాటిని దక్షిణాఫ్రికాలో చిత్రీకరించారు. ఆ జూజూలను చూసి హచ్ పేరు ఎవరూ తలుచుకోలేదు. పాత పేరు సాయం లేకుండా కొత్త పేరు తన కాళ్ల మీద తాను నిలబడింది అప్పుడే. బోర్డులు మార్చడానికి వారాలు చాలితే, ఆ మలుపుకు చేరడానికి ఏడాదిన్నర పట్టింది.