ముగింపు నిల్వ
బ్యాంకు స్టేట్‌మెంట్‌లోని తొలి నిల్వకు జమలను ధన సంఖ్యలుగా, డెబిట్లను, అంటే ఖాతా నుంచి పోయిన సొమ్మును, ఋణ సంఖ్యలుగా కలపగా వచ్చే మొత్తమే ముగింపు నిల్వ. ఉదాహరణకు, నిల్వకు మించి తీసుకునే ఓవర్‌డ్రాఫ్ట్ సదుపాయం ఉన్న కరెంటు ఖాతాలో తొలి నిల్వ రూ.2,500, జమ రూ.4,000, చెక్కు చెల్లింపు రూ.7,200, బ్యాంకు రుసుము రూ.118 అయితే, ధన మొత్తం 6,500, ఋణ మొత్తం 7,318 కాగా, పెద్దదాని నుంచి చిన్నదాన్ని తీసివేసి పెద్దదాని గుర్తునే ఉంచినప్పుడు −818 వస్తుంది. అంటే ఖాతాదారు బ్యాంకుకు రూ.818 బాకీ ఉన్నట్లు. రుసుమును పొరపాటున ధన సంఖ్యగా కలిపితే −582 వస్తుంది, ఈ రెండు ఫలితాల తేడా 236 రుసుముకు సరిగ్గా రెట్టింపు. అందువల్ల లెక్క కుదరనప్పుడు తేడాలో సగానికి సమానమైన పద్దును వెతికితే, గుర్తు తారుమారైన చోటు తరచూ బయటపడుతుంది.